పెళ్ళి కేసెట్ ప్రాజెక్టు డైరీ: ఎడమ అంచున 24 పిక్సెళ్ళు

ఫిబ్రవరి 2

కోనసీమ మండువా ఇళ్ళ మీద మేం తీస్తున్న 24 నిమిషాల డాక్యుమెంటరీకి ఎడిటింగ్ నాది. ఇప్పుడు నిలబడి ఉన్న ఇళ్ళన్నీ షూట్ చేశాం. 1996 నవంబరు 6 రాత్రి తుఫానుకి పడిపోయిన ఇళ్ళు ఎలా ఉండేవో చూపించడానికి మాత్రం నాలుగు నలుపు తెలుపు ఫొటోలు తప్ప ఏమీ లేవు. ముమ్మిడివరం దగ్గర మా అమ్మమ్మ వాళ్ళ ఇల్లు కూడా ఆ రాత్రే పోయింది. మండువా పైకప్పు కూలింది, వీధరుగు, ఒక పక్క గోడ మిగిలాయి.

నిన్న అమ్మ ట్రంకు పెట్టె సర్దుతుంటే అడుగున పెళ్ళి కేసెట్ దొరికింది. 1994 మే నెల, అమ్మానాన్నల పెళ్ళి. వీహెచ్ఎస్, మూడు గంటల కేసెట్. పెళ్ళి జరిగింది ఆ ఇంట్లోనే! మొత్తం రెండు కేసెట్లట. బుట్ట, జీలకర్ర బెల్లం, తలంబ్రాలు ఉన్న మొదటిది అమ్మతో హైదరాబాదు వచ్చేసింది. భోజనాలు, అప్పగింతలు ఉన్న రెండోది ఊళ్ళోనే ఉండిపోయి తుఫానులో తడిసింది. తర్వాత ఎవరో ఎండబెట్టి అటక ఎక్కించారు. వీసీఆర్ పాడయ్యాక మొదటి కేసెట్‌ని కూడా ఎవరూ ముట్టుకోలేదు.

అమ్మమ్మకి ఇప్పుడే చెప్పొద్దని అమ్మతో అన్నాను. బొమ్మ వస్తుందో రాదో తెలియకుండా ఆశ పెట్టడం నాకిష్టం లేదు.

ఫిబ్రవరి 5

కేసెట్‌ని వీసీఆర్‌లో పెట్టే ముందు దాని కిటికీలోంచి టేపు చుట్టని టార్చి వేసి చూడాలి. అంచు నల్లగా, నున్నగా, గ్రామఫోను రికార్డులా మెరిస్తే పర్వాలేదు. తెల్లటి పొడిగానీ సాలెగూడులాంటి పోగులుగానీ కనిపిస్తే అది బూజు. అలాంటిదాన్ని ఆడిస్తే ఆ బూజు వీసీఆర్ హెడ్లకి అంటుకుని, తర్వాత పెట్టే ప్రతి కేసెట్‌కీ పాకుతుంది. టేపు అతుక్కుని ఉంటే తెగిపోతుంది కూడా. అదృష్టం, మొదటి కేసెట్ శుభ్రంగా ఉంది. ముందుకీ వెనక్కీ ఒకసారి పూర్తిగా తిప్పాను. ఇన్నేళ్ళు ఒకే బిగువున ఉన్న చుట్ట కాస్త వదులై సర్దుకుంటుంది.

మొదటిసారి ఆడిస్తే బొమ్మ మీద మంచు కురిసినట్టు చుక్కలు, వెనక సన్నాయి మాత్రం స్పష్టంగా వినిపిస్తోంది. మాట బాగుండి బొమ్మ ఇలా ఉంటే లోపం చాలావరకు టేపుది కాదు, హెడ్లు మూసుకుపోయాయని అర్థం. మూత తీసి, పోగులు రాలని గుడ్డని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి, డ్రమ్ముకి ఆనించి పట్టుకుని డ్రమ్మునే చేత్తో మెల్లగా తిప్పాను. గుడ్డని పైకీ కిందికీ రుద్దకూడదు, హెడ్డు విరిగిపోతుంది. ఇయర్ బడ్స్ కూడా వద్దు, దూది పోగు హెడ్డులో ఇరుక్కుంటుంది. రెండో తుడుపుకి గుడ్డ నల్లబడింది. అరగంట ఆరనిచ్చి మళ్ళీ పెట్టాను.

తాటాకు పందిరి. రాటలకి కట్టిన కొబ్బరాకులు, అరటి గెలలు. ఆ వెనక పెంకుటిల్లు, ఎప్పుడూ కథల్లో వినడమే తప్ప నేను చూడని ఇల్లు. టీవీ ముందు నేల మీదే కూర్చుండిపోయాను.

ఫిబ్రవరి 9

క్యాప్చర్ అయింది. వీసీఆర్ నుంచి నేరుగా కంప్యూటర్‌కి ఇస్తే రాటలు పాముల్లా మెలికలు తిరిగాయి. టేపు వేగంలో వచ్చే సన్నటి హెచ్చుతగ్గుల వల్ల ఒక్కో గీత ఒక్కో క్షణం ముందో వెనకో మొదలవుతుంది. మధ్యలో ఒక పాత డీవీడీ రికార్డర్ పెట్టి, దాని గుండా పంపితే గీతలన్నీ వరసలో నిలబడ్డాయి. నాణ్యత పోకుండా దాచుకుంటే గంట వీడియోకి దగ్గర దగ్గర 35 జీబీ పట్టింది. 720 అడ్డం, 576 నిలువు.

తర్వాతి పని ఫీల్డులు విడదీయడం. మన దగ్గర పాల్ పద్ధతి కాబట్టి సెకనుకి 25 ఫ్రేములు, ఒక్కో ఫ్రేములో రెండు సగం బొమ్మలు. సరి గీతలది ఒకటి, బేసి గీతలది ఒకటి. ఆ రెండూ ఒకే క్షణంలో తీసినవి కావు, వాటి మధ్య సెకనులో 50వ వంతు తేడా ఉంటుంది. కంప్యూటర్ వాటిని కలిపేసి చూపిస్తే, కదిలే మనిషి చుట్టూ దువ్వెన పళ్ళలాంటి గీతలు కనిపిస్తాయి. చాలామంది రెండో సగాన్ని పారేసి 25 ఫ్రేములే ఉంచుకుంటారు. నేను పారేయలేదు, ప్రతి సగాన్నీ ఒక పూర్తి బొమ్మగా చేసి 50 ఫ్రేములు తీశాను.

```
ffmpeg -i pelli1.avi -vf "bwdif=mode=send_field:parity=tff" -c:v ffv1 -c:a copy pelli1_50p.mkv
```

మొదట `tff` బదులు `bff` ఇచ్చాను. తలంబ్రాలు పోస్తున్న చేతులు ముందుకో అడుగు, వెనక్కో అడుగు వేసినట్టు వణికాయి. ఏ సగం ముందో తప్పుగా చెప్పామంటే ఇలాగే తెలిసిపోతుంది.

ఫిబ్రవరి 16

రంగులు. కెమెరా పక్కన ఒకతను పట్టుకుని నడిచే హాలోజన్ లైటు వల్ల అన్నీ పసుపుపచ్చగా ఉన్నాయి. అమ్మ కట్టుకున్న మధుపర్కం తెలుపుని ఆధారంగా పెట్టుకుని సరిచేశాను. ఆ చీర ఎర్ర అంచు మాత్రం తెలుపులోకి కారిపోయింది. వీహెచ్ఎస్ రంగుని వెలుతురుకన్నా చాలా తక్కువ వివరంతో దాచుకుంటుంది, ఎరుపు మరీ అన్యాయం. కొంచెం రంగు తగ్గించి వదిలేశాను.

అంచుల సంగతి కూడా ఈరోజే తేల్చాను. క్యాప్చర్ చేసిన బొమ్మకి ఎడమ పక్క 8 పిక్సెళ్ళు నల్లటి పట్టీ. అడుగున పది పన్నెండు గీతలు చిరిగిన గుడ్డలా ఊగుతుంటాయి, ఒక హెడ్డు పని ముగించి రెండోది అందుకునే చోటు అది. ఇవి పాత టీవీలో ఎప్పుడూ కనపడేవి కావు. ఆ టీవీలు బొమ్మని గాజు తెరకన్నా కొంచెం పెద్దదిగా పరిచేవి, నాలుగు వైపులా దాదాపు ఇరవయ్యో వంతు, కొన్నిట్లో ఇంకా ఎక్కువే, చట్రం వెనకాలకి పోయేది. కాబట్టి సినిమాలో వాడిన తొమ్మిది షాట్లనీ అదే కొలతకి కత్తిరించాను.

```
crop=656:524:32:26
```

అటూ ఇటూ 32 పిక్సెళ్ళు పోయాయి. 1994లో మావాళ్ళు టీవీలో చూసినంతే ఇప్పుడూ కనిపిస్తుంది.

మార్చి 11

సినిమా తుది రూపానికి వచ్చింది. దర్శకుడు చివర్లో ఒక షాట్ మార్చమన్నాడు. తలంబ్రాల షాట్‌లో అందరూ కెమెరా వైపే చూస్తున్నారని అతని అభ్యంతరం. బదులుగా అతను ఎంచుకున్నది నేను పనికిరాదని పక్కన పెట్టింది. 41వ నిమిషంలో కెమెరామన్ లైటు సర్దుకోవడానికి కెమెరాని స్టాండు మీద వదిలి వెళ్ళాడు. 48 సెకన్లు కెమెరా తన మానాన తాను తిరిగింది. మండపం, దాని వెనక మండువా స్తంభం, దూలానికి వేలాడుతున్న పెట్రోమాక్స్. ఎవరూ ఎవరికోసమూ నిలబడలేదు. చివర్లో పెళ్ళికూతుర్ని బుట్టలో తెస్తారు. దర్శకుడు అన్నది నిజమే, ఇల్లు ఇల్లులా కనిపించింది ఆ ఒక్క షాట్‌లోనే. 11 సెకన్లు తీసుకుని వేశాను.

మార్చి 23

ఊళ్ళో రామకోవెల ముందు ప్రదర్శన. ప్రొజెక్టరు, తెల్లగుడ్డ, దాదాపు ఎనభై మంది. అమ్మమ్మ ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. తనకి తెలిసిందల్లా మనవడు ఇళ్ళ మీద ఏదో సినిమా చేశాడని.

పదిహేడో నిమిషంలో పెళ్ళి పందిరి వచ్చింది. మొదటి షాట్‌కే జనంలో కదలిక. "అది మన ఇల్లేగా" అంది అమ్మమ్మ, గట్టిగానే. రెండో షాట్‌లో వీధరుగు మీద తాతయ్య, నల్లటి మీసాలతో. పక్కావిడ ఏదో అడిగితే జవాబు చెప్పలేదు. నేను పక్కనే నిలబడి తెరని కాకుండా ఆవిడ మొహాన్నే చూస్తున్నాను.

ఆ 11 సెకన్ల షాట్ వచ్చినప్పుడు అమ్మమ్మ కుర్చీలోంచి లేచింది. రెండడుగులు ముందుకి వేసి, తెరకి ఎడమ పక్క చెయ్యి చూపించింది. అప్పటికే షాట్ మారిపోయింది. అలా చెయ్యి చాచే నిలబడింది కాసేపు. నేను వెళ్ళి కూర్చోబెట్టాను.

సినిమా అయ్యాక నా చెయ్యి పట్టుకుని అడిగింది. "ఒరేయ్ నాన్నా, ఎనక్కి తిప్పు. ఆ మూల తెల్లబట్టల్లో ఆడెవడో చూడాలి."

లాప్‌టాప్ తెరిచాను. అమ్మమ్మ చూపించిన మూలలో నిజంగానే ఒక మనిషి ఉన్నాడు. షాట్‌ని చివరి నిమిషంలో మార్చినప్పుడు నేను దానికి కత్తిరింపు వేయడం మరిచిపోయాను. నల్లపట్టీ పోగా మిగిలిన 24 పిక్సెళ్ళ వెడల్పులో, పందిరి రాటని ఆనుకుని అతను నిలబడ్డాడు. తెల్లపంచె, భుజం మీద కండువా. కత్తిరింపు వేసి ఉంటే, బయటకి పొడుచుకొచ్చిన మోచెయ్యి తప్ప ఏదీ కనిపించేది కాదు.

"మా తమ్ముడు" అంది అమ్మమ్మ.

మార్చి 24

ఇది అర్థం కావాలంటే ఇంటి సంగతి కొంత చెప్పాలి. పెళ్ళికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మండపానికి తేవాల్సింది మేనమామ. అమ్మకి మేనమామ ఒక్కడే, అమ్మమ్మ తమ్ముడు. పెళ్ళికి ఏడాది ముందు కొబ్బరితోట గట్టు విషయంలో తాతయ్యకీ ఆయనకీ మాటా మాటా వచ్చింది. పెళ్ళికి పిలుపు వెళ్ళింది, ఆయన రాలేదు. బుట్ట పట్టింది అమ్మమ్మ పెదనాన్న కొడుకు. మరుసటేడు ఆ మేనమామ జబ్బు చేసి పోయారు. "నా కూతురి పెళ్ళికి నా తోడబుట్టినోడు రాలేదు" అన్న మాట నా చిన్నప్పటి నుంచీ వింటున్నాను. ఏ పెళ్ళికి వెళ్ళొచ్చినా, బుట్ట చూసినా అమ్మమ్మ ఈ మాట అనకుండా ఉండేది కాదు.

ఈ కేసెట్‌ని అప్పట్లో ఊళ్ళో కనీసం ఇరవైసార్లు వేసుకుని చూశారట. ఆయన్ని ఎవరూ చూడలేదు. చూసే వీలే లేదు, ఆ టీవీలో ఆయన చట్రం వెనక ఉండిపోయారు.

ఈరోజు పొద్దున్నే అమ్మమ్మ పక్కన కూర్చుని కత్తిరించని 48 సెకన్లనీ మొత్తం చూశాం. మొహం ఎంత పెద్దదో కొలిచాను, అడ్డంగా పది పిక్సెళ్ళు. వీహెచ్ఎస్ అసలు వివరమే తక్కువ, ఆ 720లో సగం కూడా నిజమైన సమాచారం కాదు. హాలోజన్ వెలుగు అక్కడిదాకా చేరలేదు. వెలుగు పెంచితే చీకటిలోంచి గోధుమరంగు గరుకు లేచిందిగానీ కళ్ళూ ముక్కూ రాలేదు. టేపు మీద లేని మొహాన్ని నేను ఎక్కణ్ణించి తేను? ఆ మాటే చెప్పాను.

"మొహం నాకెందుకురా. చెయ్యి చూడు."

అప్పుడు చెప్పింది. పదేళ్ళప్పుడు కొబ్బరిచెట్టు మీంచి పడి ఆయన కుడి మోచెయ్యి విరిగింది. కట్టు కట్టించారుగానీ చెయ్యి పూర్తిగా చాపుకోవడం మళ్ళీ రాలేదు. నిలబడితే ఎడమచేతిని వెనకనుంచి తెచ్చి ఆ మోచెయ్యిని పట్టుకునేవాడట. తెర మీద మనిషి కుడిచెయ్యి ఒంగి బయటకి పొడుచుకుని ఉంది. వెనక సున్నం గోడ తెల్లగా ఉండటంతో ఆ ఒంపు స్పష్టంగానే తెలుస్తోంది. 50 ఫ్రేములు దాచుకున్నందుకు ఇక్కడ ఫలితం దక్కింది. 19వ సెకనులో చెయ్యి కొంచెం కిందికి జారుతుంది, మళ్ళీ ఎడమచెయ్యి దాన్ని పైకెత్తి పట్టుకుంటుంది. మొత్తం ముప్పాతిక సెకను. ఒక్కో ఫ్రేమే జరుపుతూ చూపించాను. అమ్మమ్మ తన మోచేతిని అలాగే పట్టుకుని కూర్చుంది.

షాట్ మొదలయ్యేటప్పటికే ఆయన అక్కడున్నారు. 27వ సెకనులో సన్నాయి జోరందుకుంటుంది. 31వ సెకనులో కుడివైపు నుంచి బుట్ట వస్తుంది, జనం పక్కకి తప్పుకుంటారు. ఆయన రాటకి ఆనుకున్నది వదిలి నిటారుగా నిలబడతారు. బుట్ట మండపం దగ్గర దించాక, 40వ సెకనులో ఎడమకి తిరిగి ఫ్రేములోంచి వెళ్ళిపోతారు. మిగిలిన 8 సెకన్లు ఆ రాట దగ్గర ఎవరూ లేరు.

మధ్యాహ్నం అమ్మకి ఫోన్లో ఆ ముక్క పంపాను. రెండుసార్లు చూసి, "నాకు తెలియట్లేదు నాన్నా, ఎవరైనా కావచ్చు" అంది. బుట్టలో తలొంచుకుని కూర్చున్న మనిషి తను. "ఆ రాట దగ్గరగానే కదా నన్ను తీసుకొచ్చింది" అని మాత్రం అంది కాసేపాగి.

మార్చి 26

హైదరాబాదు తిరిగొచ్చే ముందు మొత్తం కేసెట్‌ని కత్తిరించకుండా అమ్మమ్మతో కలిసి చూశాను. రోజుకి గంటన్నర చొప్పున, రెండు రోజులు పట్టింది. అంచులే చూడమని చెప్పనక్కర్లేకపోయింది. 58వ నిమిషంలో కుడి అంచున ఒక తెల్ల కండువా, మోచెయ్యి, రెండు సెకన్లు కనిపించి మాయమయ్యాయి. నాకు ఆశ కలిగింది. "ఇదిగో, ఇక్కడ కూడా" అన్నాను.

"కాదు. ఆ భుజం ఆడిది కాదు. అది విడిది దగ్గర మంచినీళ్ళు పోసిన అబ్బాయి."

నాకు ధైర్యం వచ్చింది ఆ మాటతోనే. చూడాలని ఉన్న మనిషి ప్రతి నీడలోనూ తమ్ముణ్ణే చూస్తుందేమో అని నాకు లోపల భయంగా ఉండేది. అలా చూడలేదు.

కేసెట్ అయిపోయాక అడిగింది. "భోంచేసి వెళ్ళాడంటావా?"

నేను చెప్పలేకపోయాను. భోజనాలు రెండో కేసెట్‌లో ఉన్నాయి. అమ్మమ్మే లేచి, కొత్తింటి అటక మీద సంచిలో చుట్టిన కేసెట్ తెప్పించి నా చేతిలో పెట్టింది.

ఏప్రిల్ 2

సినిమా ప్రతి మార్చాను. ఆ షాట్‌ని 11 సెకన్ల నుంచి 22కి పెంచాను, ఆయన చెయ్యి సర్దుకునే దగ్గర నుంచి తిరిగి వెళ్ళిపోయే దాకా. కత్తిరింపు వేయలేదు. ఎడమ పక్క నల్లపట్టీ, అడుగున ఊగే గీతలు అలాగే కనిపిస్తాయి. మిగిలిన షాట్లు శుభ్రంగా ఉండి ఇదొక్కటే ఇలా ఉంటే తప్పులా కనిపిస్తుందని దర్శకుడు అన్నాడు. సంగతి చెప్పాక మిగతా ఎనిమిదింటికీ కూడా కత్తిరింపు తీసేయమన్నాడు. తీసేశాను.

ఏప్రిల్ 6

రెండో కేసెట్. కిటికీలోంచి చూస్తేనే తెలిసింది, చుట్ట అంచు మీద తెల్లటి పోగులు, ఒకచోట పూర్తిగా కప్పేసి. దీన్ని వీసీఆర్ దగ్గరకి కూడా తీసుకెళ్ళలేదు. ముక్కుకి మాస్కు కట్టుకుని, బాల్కనీలో కూర్చుని ఐదు మరలూ విప్పాను. రెండు మరలు తుప్పుపట్టి తల అరిగిపోయాయి. చుట్టల్ని బయటికి తీసి, సిలికా జెల్ సంచులు వేసిన డబ్బాలో మూతపెట్టాను. తడి పూర్తిగా ఆరితేనే బూజు పొడిబారి తుడుపుకి వస్తుంది. రెండు వారాలు ఆగాలి.

అమ్మమ్మ రాత్రి ఫోను చేసింది. ఎందుకాగాలో చెప్పాను. "ఆరనీరా, తొందరేంలేదు" అంది. పొద్దున మళ్ళీ ఫోను చేసింది.

ఏప్రిల్ 21

ఈరోజు విప్పడం మొదలుపెట్టాను. శుభ్రమైన మరో కేసెట్ డొప్పలో చుట్టలు అమర్చి, టేపుని పొడి గుడ్డ మడతలోంచి లాగుతూ చేత్తో తిప్పడం. వేగం ముఖ్యం కాదు, అతుక్కున్న పొరలు వాటంతటవే విడిపోవాలి. బలంగా లాగితే అయస్కాంతపు పూత ఊడి పక్క పొరకి అంటుకుపోతుంది. అలా జరిగితే ఆ చోట బొమ్మ శాశ్వతంగా పోయినట్టే. గుడ్డని చూస్తే తెలుస్తుంది. తెల్లటి మరక పడితే అది బూజు, రానివ్వాలి. గోధుమరంగు పడితే అది పూత, వెంటనే ఆపాలి.

పన్నెండో చుట్టు దగ్గర టేపు చిన్నగా పట్టేసింది. ఆపి, చుట్టని మెల్లగా వెనక్కి వదిలి, పది నిమిషాలు ఆగి మళ్ళీ తిప్పాను. వదిలింది.

రాత్రి తొమ్మిదింటికి అమ్మమ్మ ఫోను. ఎంతవరకు వచ్చిందని అడిగింది. నలభై చుట్లు అయ్యాయని చెప్పాను, ఇంకా చాలా ఉన్నాయని కూడా చెప్పాను. గుడ్డ ఏ రంగుందని అడిగింది.

తెల్లగానే ఉందన్నాను.